మాడు మీద నొప్పి కురుపులు: ఇంటి కాపడం ఎంతవరకు, వైద్యుడు ఎప్పుడు

దువ్వెన పళ్లు తగిలినప్పుడు చురుక్కుమనిపించే చిన్న కురుపు తలలో కనిపించగానే దానిని మొటిమగా లెక్కగట్టి ఊరుకోవడం సాధారణం. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కనుక ఆ పొరపాటు సహజమే. అయితే మొటిమలో ముందుగా జరిగేది చర్మరంధ్రం పూడుకుపోయి లోపల జిడ్డు పేరుకోవడం. తలలో వచ్చే ఈ కురుపుల్లో చాలావాటికి మొదలు వెంట్రుక కుదురు వాయడం. దీనినే వైద్యులు ఫాలిక్యులైటిస్ అంటారు. కురుపు పెడతల మీద ఉంటే ఇంట్లో మరొకరి చేత ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయించి చూస్తే దాని ఆనవాలు దొరుకుతుంది. ఆవగింజంత తెల్లటి లేదా పసుప్పచ్చని చీము పొక్కు, దాని నడుమ నుంచి పైకి వచ్చిన ఒక వెంట్రుక, చుట్టూ సన్నని వలయం కనిపిస్తాయి. పుస్తకాల్లోని చిత్రాలలో ఆ వలయం ఎర్రగా ఉంటుంది గాని, చామనఛాయ లేదా నల్లని చర్మం మీద అది ముదురు గోధుమ రంగులోనో, మరికాస్త నల్లగానో కనిపిస్తుంది. ఎరుపు లేదు కాబట్టి వాపు లేదనుకోవడం మన చర్మాల విషయంలో సరైన లెక్క కాదు.

ఇంట్లో ఆగవచ్చా, ఆసుపత్రికి వెళ్లాలా అన్న ప్రశ్నకు జవాబు కురుపుల సంఖ్యలో కంటే అవి ఎంత లోతుకు దిగాయన్నదానిలో ఉంటుంది. మాడు చర్మంలో వెంట్రుక కుదురు కింది కొవ్వు పొర దాకా కొన్ని మిల్లీమీటర్ల మేర దిగి ఉంటుంది. దానిని వరలు దించిన సన్నని బావిగా ఊహించుకోవచ్చు. పై వర చర్మం ఉపరితలానికి తెరుచుకుని ఉంటుంది. దాని కింద తైలగ్రంథి జిడ్డును బావిలోకి వదులుతుంది. మరికొంచెం కిందికి, వెంట్రుకను నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం అతుక్కునే చోట, కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు ఉంటాయి. వెంట్రుక రాలిపోయినా మళ్లీ మొలుస్తున్నదంటే ఆ కణాల పుణ్యమే.

వాపు పై వర వరకే పరిమితమైతే కురుపు పొక్కి, ఎండి, వారం పది రోజుల్లో మచ్చ కూడా మిగల్చకుండా పోతుంది. మహా అయితే కొన్ని వారాలో, నెలలో నల్లని చుక్క ఉంటుంది. వాపు మూలకణాల చోటును దాటి లోతుకు దిగి అక్కడే తిష్ఠ వేస్తే ఆ కుదురు చచ్చి, దాని స్థానంలో మచ్చ కణజాలం వస్తుంది. అక్కడ ఇక వెంట్రుక రాదు. కనుక నొప్పి ఎంత ఉందన్నది ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోలేం. మాడు చర్మం బిగుతుగా, నరాలు దట్టంగా ఉండే చోటు కావడంతో పైపై కురుపు కూడా గట్టిగానే నొప్పి పుట్టిస్తుంది. లోతును పట్టించేవి వేరే ఉన్నాయి. వేలితో తాకితే చర్మం అడుగున గోళీలా గట్టి గడ్డ తగలడం, కురుపు ఉన్నచోట వెంట్రుకలు ఊడిపోవడం, తగ్గాక ఆ చోటు నున్నగా మెరవడం, ఒకే రంధ్రం నుంచి నాలుగైదు వెంట్రుకలు బ్రష్ కుచ్చులా రావడం వాటిలో ముఖ్యమైనవి.

కారణాల విషయానికి వస్తే ప్రధాన నిందితులు ఇద్దరు. మొదటిది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ దాదాపు మూడో వంతు మంది ముక్కు రంధ్రాలలో ఇది ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. వేలు ముక్కు నుంచి తలకు వెళ్లడం దానికి చాలినంత ప్రయాణం. రెండవది మలసీజియా అనే ఈస్టు జాతి ఫంగస్. ఇది అందరి మాడు మీదా ఉంటుంది, జిడ్డు తిని బతుకుతుంది, చుండ్రులోనూ దీని పాత్ర ఉంది. ఈ ఇద్దరి చేతా వచ్చే కురుపులకు కొంత తేడా ఉంది. బ్యాక్టీరియా కురుపు ఎక్కువగా నొప్పి పెడుతుంది, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉంటుంది, చీము స్పష్టంగా కనిపిస్తుంది. ఈస్టు కురుపులు ఎక్కువగా దురద పెడతాయి, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, నుదుటి పైన జుట్టు మొదలయ్యే గీత వెంట, తరచుగా వీపు మీద, ఛాతీ మీద కూడా వస్తాయి. ఈ తేడా నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదు. గోకిన ఈస్టు కురుపు కూడా నొప్పి పెడుతుంది. అయినా మందు ఎంపికలో ఇదే అసలు మలుపు, ఎందుకంటే ఒకదానికి పనిచేసే మందు రెండవదాన్ని పెంచవచ్చు.

ఈ జీవులు ఎప్పుడూ మాడు మీదే ఉంటున్నప్పుడు కురుపులు కొన్నాళ్లే ఎందుకు వస్తాయి? కుదురు నోటి దగ్గర చర్మం ఒరుసుకుపోవడమో, చెమటలో నాని మెత్తబడడమో జరిగినప్పుడు వాటికి దారి దొరుకుతుంది. వేసవిలో రోజంతా హెల్మెట్ పెట్టుకోవడం, మెడ వెనుక మంగలి కత్తితో గీయించుకోవడం, గుండు చేయించుకున్న మూడో నాలుగో రోజున వెంట్రుక మొలిచేటప్పుడు చర్మంలోకే వంగి గుచ్చుకోవడం, పేల వల్ల అదేపనిగా గోకడం, బిగుతు జడ లాగుడు మామూలుగా కనిపించే సందర్భాలు. మామిడిపళ్లు తింటే వేడి చేసి సెగ్గడ్డలు వస్తాయన్న మాట మన ఇళ్లలో బలంగా ఉంది. సెగ్గడ్డ అన్న పేరులోనే సెగ ఉంది. మామిడిపళ్లు, చెమట, కురుపులు మూడూ ఒకే నెలల్లో రావడం వల్ల ఏర్పడిన ముడి అది. తప్పు పండుది కాదు, అదే నెలల్లో ఆరకుండా ఉండే తలది.

నూనె సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. కొబ్బరినూనె వెంట్రుక కాండానికి మేలు చేసే మాట నిజమే. కాని కురుపులున్న మాడు మీద రాత్రంతా నూనె ఉంచితే కుదురు నోరు మూసుకుపోతుంది, ఈస్టుకు మేత దొరుకుతుంది. మలసీజియా తన కొవ్వు ఆమ్లాలను తాను తయారు చేసుకోలేదు, బయటి కొవ్వు మీదే ఆధారపడుతుంది. వేపనూనె అయినా, మూలికలు వేసి కాచిన నూనె అయినా అడుగున ఉన్నది నూనే కనుక కురుపులు మానేవరకు మాడుకు ఏ నూనే వద్దు. జుట్టు చివర్లకు రెండు చుక్కలు రాసుకుంటే ఇబ్బంది లేదు.

ఇక ఒక ఉదాహరణ తీసుకుని ఇంటి వైద్యం ఎలా సాగాలో రోజులవారీగా చూద్దాం. మే నెల విజయవాడలో బండి మీద తిరిగే ఉద్యోగం చేసే ఇరవై ఆరేళ్ల యువకుడు ఆదివారం క్షవరం చేయించుకుని, మెడ వెనుక కత్తితో నున్నగా గీయించుకుని, రాత్రి తలకు నూనె పట్టించి పడుకున్నాడనుకుందాం. సోమ, మంగళవారాలు రోజుకు ఏడెనిమిది గంటలు హెల్మెట్‌లో గడిచాయి. బుధవారం ఉదయం పెడతల మీద ఆరు కురుపులు తేలాయి. రెండింటిలో చీము ఉంది, నాలుగు గట్టిగా ఎర్రగా ఉన్నాయి. తల దిండు మీద ఆనిస్తే నొప్పి. జ్వరం లేదు, మధుమేహం లేదు, ఇంతకు ముందు ఎప్పుడూ ఇలా రాలేదు. ఇది ఇంట్లో ఆగదగిన కేసు.

అతను చేయవలసినవాటిలో మొదటిది కాపడం. ఇది అందరికీ తెలిసినదే గాని సరిగ్గా చేసేవారు తక్కువ. ఉతికిన మెత్తటి గుడ్డను చేయి భరించగలిగే గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, కురుపుల మీద నొక్కకుండా ఆనించి, చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచుతూ పదిహేను నిమిషాలు ఉంచాలి. ఇలా రోజుకు మూడు సార్లు చేయాలి. రెండు నిమిషాలు వేడిగుడ్డ అద్ది తీసేస్తే ప్రయోజనం ఉండదు. తడి వేడిమికి అక్కడి రక్తప్రసారం పెరిగి, కుదురు నోటి వద్ద గట్టిపడిన చీము మెత్తబడి దానంతట అదే బయటకు రావడానికి అంత సమయం కావాలి. కాపడం తర్వాత గుడ్డను మళ్లీ వాడే ముందు వేడినీటిలో ఉతకాలి, మరొకరు దాన్ని వాడకూడదు.

రెండవది తల కడగడం. అతని కురుపులు నొప్పి ప్రధానంగా, చీముతో ఉన్నాయి కనుక బ్యాక్టీరియా మీద అనుమానం ఎక్కువ. మందుల దుకాణంలో దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 లేదా 5 శాతం వాష్‌ను కురుపులున్న చోట మాత్రమే రాసి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేయాలి. రోజుకు ఒకసారి చాలు. ఇది బట్టల రంగును, రంగు వేసిన జుట్టును తెల్లబరుస్తుందన్న సంగతి సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాడైన దిండు గలీబు చూశాక గాని చాలామందికి తెలియదు. క్లోర్‌హెక్సిడిన్ కూడా పనిచేసే మందే గాని అది కంట్లోకి, చెవిలోకి పోతే తీవ్రమైన హాని జరుగుతుంది. తల మీద పోసుకున్న ద్రవం ఎటు కారుతుందో తెలిసిందే కాబట్టి తలకు దాన్ని సొంతంగా వాడకపోవడం మంచిది.

ఒకవేళ అతని కురుపులు నుదుటి గీత వెంట, ఒకే తీరుగా, దురదతో ఉండి చుండ్రు కూడా ఉంటే ఎంపిక మారుతుంది. అప్పుడు కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండు సార్లు వాడాలి. నురగ మాడుకు పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కడగాలి, ఇలా రెండు నుంచి నాలుగు వారాలు కొనసాగించాలి. మామూలు షాంపూలా రాసి వెంటనే కడిగేసి, పని చేయలేదని మానేయడం దీని విషయంలో తరచుగా జరిగే తప్పు.

మిగిలినవి చిన్న పనులు. గోళ్లు కత్తిరించుకోవాలి, దిండు గలీబు రెండు రోజులకోసారి మార్చాలి, దువ్వెన సబ్బునీటిలో కడిగి ఆరబెట్టాలి, హెల్మెట్ లోపలి మెత్తను తీసి ఉతికి ఎండలో వేయాలి. ఆ కొద్ది రోజులు హెల్మెట్ కింద పలుచటి నూలు రుమాలు కట్టుకుని రోజూ మార్చుకోవచ్చు. కురుపుల సాకుతో హెల్మెట్ తీసి బండి నడపడం మాత్రం వైద్యం కిందికి రాదు. నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, ఇతర జబ్బులేవీ లేని పెద్దవారు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవచ్చు.

ఇలా చేస్తే శుక్ర, శనివారాలకు చీమున్న రెండూ వాటంతట అవే చితికి నొప్పి తగ్గాలి. కొత్త కురుపులు రావడం ఆగాలి. వచ్చే బుధవారానికి, అంటే వారానికి, గట్టిగా ఉన్నవి చదునుబారాలి. ఈ దారిలో సాగుతున్నంత కాలం వైద్యుడి అవసరం లేదు. దారి తప్పిందని తెలియడానికి రెండు గడువులు గుర్తు పెట్టుకుంటే చాలు. రెండు రోజుల్లో కురుపు తగ్గకపోగా పెరుగుతుంటే ఆగకూడదు. పెరగకపోయినా, వారం నుంచి పది రోజులు సరిగ్గా చేశాక కూడా మార్పు లేకపోతే వెళ్లాలి. ఈలోగా చెవి వెనుకో, మెడ వెనుకో చిన్న బిళ్ల కట్టి తాకితే నొప్పి పుట్టడం కంగారు పడవలసిన విషయం కాదు. మాడు మీది ఇన్ఫెక్షన్‌ను అడ్డుకునే లింఫ్ గ్రంథులు పని చేస్తున్నాయన్నదే దాని అర్థం. కురుపులు మానిన రెండు మూడు వారాల తర్వాత కూడా బిళ్ల కరగకుండా గట్టిగా, కదలకుండా ఉంటే చూపించాలి.

అదే యువకుడు మరో దారి పట్టాడనుకుందాం, నిజానికి ఎక్కువమంది పట్టే దారి అదే. బుధవారం రాత్రి గోళ్లతో రెండు కురుపులను నొక్కాడు. పైకి కొంత చీము వచ్చింది గాని, బావి గోడ పగిలి మిగిలినది పక్క కణజాలంలోకి పోయింది. మర్నాటికి అక్కడ వాపు రెట్టింపయింది. ఆసుపత్రిలో శుభ్రమైన సూదితో పై పొక్కును తెరవడానికీ, గోళ్లతో రెండు వైపుల నుంచి నొక్కడానికీ తేడా ఇదే. మాడు కింది వదులు పొరలోని సిరలు పుర్రె ఎముకలోని సన్నని రంధ్రాల ద్వారా లోపలి సిరలతో కలుస్తాయి కనుక, అరుదుగానే అయినా, ఇక్కడి ఇన్ఫెక్షన్ లోతుకు పాకితే ప్రమాదం శరీరంలో మరోచోటి కంటే పెద్దది.

గురువారం ఎవరో చెప్పగా సున్నం, బెల్లం కలిపి పట్టు వేశాడు. కాళ్ల మీది సెగ్గడ్డలకు ఇది తరతరాలుగా వేస్తున్నదే. తడి సున్నం బలమైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. గడ్డ పగలడానికి కారణం కొంతవరకు ఆ కాలడమే. జుట్టు మధ్య అది కుదుళ్లకు పట్టి, కడిగినా పోకుండా, కంట్లోకి కారే ముప్పు కూడా ఉంది. పసుపు, వేపాకు నూరిన ముద్ద అంత హాని చేయదు గాని, ఎండి గట్టిపడి, గోకి తీసేటప్పుడు కురుపుల తలలను ఊడబెరుకుతుంది.

శుక్రవారం దుకాణంలో ఒక ట్యూబు కొన్నాడు. దానిలో ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు, వాటితోపాటు క్లోబెటసోల్ అనే అత్యంత బలమైన స్టెరాయిడ్ కలిసి ఉన్నాయి. భారతదేశంలో స్టెరాయిడ్ పూతమందులను 2018లో వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చారు. చీటీ అడిగే దుకాణాలు మాత్రం ఇంకా తక్కువే. ఆ మందు రాసిన రెండో రోజుకే ఎరుపు, నొప్పి తగ్గాయి. స్టెరాయిడ్ వాపును అణచివేయడం వల్ల వచ్చిన ఉపశమనం అది. వాపు అంటే శరీరం చేస్తున్న పోరాటమే కనుక, దాన్ని అణచితే సూక్ష్మజీవులకు అడ్డు తగ్గుతుంది. దానికి తోడు పాత జ్వరానికి వాడి మిగిలిన యాంటీబయోటిక్ మాత్రలు మూడు రోజులు వేసుకున్నాడు. పది రోజులకు కురుపులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పెడతల మీద కాదు, నుదుటి పైన, వీపు మీద, ఒకే తీరుగా, దురదతో, పదుల సంఖ్యలో. బ్యాక్టీరియా తగ్గడంతో, స్టెరాయిడ్ అండతో ఈస్టు పెరిగింది. ఈ స్థితిలో వైద్యుడి దగ్గరకు వచ్చిన మనిషికి మొదట ఏ కురుపులు ఉండేవో చెప్పడం వైద్యుడికీ కష్టమే. యాంటీబయోటిక్ వాడుతుండగా కురుపులు పెరగడం అన్నది ఈస్టును పట్టించే బలమైన ఆధారం. ఆ మాటను వైద్యుడికి తప్పక చెప్పాలి, వాడిన ట్యూబులన్నీ పట్టుకెళ్లాలి.

పది రోజులు ఆగడానికి వీలు లేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. శరీర ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, వాపు గంటల వ్యవధిలో పాకుతున్నా, నుదురు లేదా కనురెప్పలు ఉబ్బినా ఆ రోజే వెళ్లాలి. వీటికి తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మగత తోడైతే నేరుగా అత్యవసర విభాగానికే. కురుపు గోళీకాయంత పెద్దదై, నొక్కితే లోపల ద్రవం కదులుతున్నట్టు ఉంటే అది సెగ్గడ్డగా మారినట్టు. చీము సంచి లోపలికి మాత్రల ద్వారా వచ్చే మందు సరిగ్గా చేరదు కనుక దానికి చిన్న గాటు పెట్టి చీము తీయడమే ప్రధాన వైద్యం. అనేక సెగ్గడ్డలు కలిసిపోయి, జల్లెడలా పలు రంధ్రాల నుంచి చీము కారితే దాన్ని కార్బంకుల్ అంటారు. మెడ వెనుక భాగం దానికి ఇష్టమైన చోటు, మధుమేహం ఉన్నవారు దానికి ఎక్కువగా గురవుతారు.

మధుమేహం సంగతి మన రాష్ట్రాలలో ప్రత్యేకంగా చెప్పవలసిందే, ఎందుకంటే తమకు ఆ జబ్బు ఉందని తెలియకుండా తిరిగేవారు చాలామంది. నలభై దాటిన మనిషికి ఆరు నెలల్లో రెండు మూడు సార్లు కురుపులు, సెగ్గడ్డలు వస్తుంటే షాంపూ మార్చడం కంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. పరగడుపు చక్కెర 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, లేదా అంతకు మించి ఉంటే అది మధుమేహం స్థాయి. మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. మధుమేహం ముందే ఉన్నవారు, క్యాన్సర్ మందులు లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వాడేవారు ఇంటి వైద్యానికి వారం గడువు పెట్టుకోకూడదు. మొదటి రెండు రోజుల్లోనే చూపించాలి.

పిల్లల లెక్క పూర్తిగా వేరు. ఐదారేళ్ల పిల్లవాడి తలలో ఒకచోట మెత్తగా ఉబ్బి, చీము కారుతూ, అక్కడి వెంట్రుకలు సులభంగా ఊడివస్తుంటే అది కేవలం చీముగడ్డ కాకపోవచ్చు. తల తామర తీవ్రరూపం దాల్చితే ఇలాగే ఉంటుంది, దీనిని కీరియాన్ అంటారు. పెద్దలు దీన్ని కొన్నిసార్లు పేనుకొరుకుడు అనుకుని ఏదో ఒకటి రుద్దుతారు. పేనుకొరుకుడు మచ్చ నున్నగా, నొప్పి లేకుండా ఉంటుంది, చీము పట్టదు. కీరియాన్‌లో ఫంగస్ వెంట్రుక కాండం లోపలే ఉండటం వల్ల పైపూత మందులు దాన్ని చేరలేవు. నోటి ద్వారా గ్రైసియోఫల్విన్ లేదా టెర్బినాఫిన్ వంటి మందు వారాల తరబడి ఇవ్వాలి. గాటు పెట్టి కోస్తే లాభం లేదు, ఆలస్యం చేస్తే అక్కడ శాశ్వతంగా జుట్టు పోవచ్చు. కనుక పిల్లల తలలో చీము, జుట్టు ఊడటం రెండూ కలిసి కనిపిస్తే ఇంట్లో ప్రయోగాలకు తావు లేదు.

కురుపుల్లా మొదలై కురుపులు కానివి కూడా ఉన్నాయి. సర్పి అందులో ముఖ్యమైనది. నొప్పి, మంట తలకు ఒక వైపే ఉండి, నడినెత్తి గీత దాటకుండా, ఒకటి రెండు రోజుల్లో నీటి పొక్కులు గుంపుగా వస్తే అది కుదుళ్ల వాపు కాదు, నరం వెంట వచ్చిన సర్పి. దానికి వైరస్ మందు పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఇస్తుంది. పొక్కులు నుదుటి మీదికి, ముక్కు కొన మీదికి వస్తే కంటికి ప్రమాదం కనుక కంటి వైద్యుడికీ చూపించాలి. సర్పికి మంత్రం వేయించి, పేడరంగు పూయించి మూడు రోజులు పోగొట్టుకోవడం ఇప్పటికీ జరుగుతున్నదే. ఇక ఏళ్ల తరబడి నొప్పి లేకుండా, నున్నగా, చర్మం కింద కదులుతూ ఉండే గడ్డ సాధారణంగా తిత్తి. అది హఠాత్తుగా వాచి నొప్పి పెడితే చూపించాలి గాని, నొక్కి పిండే ప్రయత్నం చేయకూడదు.

వైద్యుడి గదిలో జరిగేది సాధారణంగా క్లుప్తమే. భూతద్దం వంటి డెర్మోస్కోప్‌తో కుదుళ్లను చూస్తారు. మళ్లీ మళ్లీ వచ్చే కురుపులైతే చీమును దూదిపుల్లతో తీసి కల్చర్‌కు, అంటే అందులోని సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు పంపుతారు. అందుకే అంతకుముందు సొంతంగా యాంటీబయోటిక్ వేసుకోకపోవడం ముఖ్యం, వేసుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఫంగస్ అనుమానం ఉంటే గీరిన పొట్టును కెఓహెచ్ అనే క్షార ద్రావణంలో వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. కొద్ది కురుపులకు క్లిండమైసిన్ 1 శాతం లోషన్ వంటి పూతమందు సరిపోతుంది. జుట్టులో ఆయింట్‌మెంట్ జిగటగా ఉండిపోతుంది కనుక లోషన్ సులువు. విస్తారంగా ఉంటే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. ఇది గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. తరచుగా తిరగబెట్టేవారిలో ముక్కులోని స్టెఫిలోకాకస్‌ను తగ్గించడానికి మ్యూపిరోసిన్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు రెండు సార్లు ఐదు రోజులు ముక్కు రంధ్రాలలో రాయమనడం ఉంది. తలలో కురుపులకు ముక్కులో మందేమిటని ఆశ్చర్యపోయి దాన్ని వాడకుండా వదిలేసేవారున్నారు గాని, ఆ జీవి నివాసం అక్కడే.

మొదటి దారిలో వెళ్లిన యువకుడి దగ్గరకు తిరిగి వస్తే, రెండు వారాలకు అతని ఆరు కురుపులలో నాలుగు మానిపోయాయి, రెండు మిగిలాయి. వాటిలో నొప్పి లేదు, చీము లేదు, కాని మెడ వెనుక జుట్టు గీత మీద పెసరగింజల్లా గట్టిగా ఉన్నాయి. వారం పది రోజుల గడువు దాటింది కనుక ఇక్కడ ఇంటి వైద్యం ఆగిపోవాలి, నొప్పి లేకపోయినా సరే. మెడను పదేపదే కత్తితో గీయించుకునే మగవారిలో ఇలాంటి గట్టి బుడిపెలు క్రమంగా పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, కాయకట్టినట్టు మచ్చగా మారే జబ్బు ఉంది. దాని పేరు యాక్నే కీలాయిడాలిస్ న్యూకే. పేరులో యాక్నే ఉన్నా అది మొటిమ కాదు. రెండే ఉన్నప్పుడు బలమైన పూతమందుతోనో, బుడిపె లోపలికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తోనో అణచవచ్చు. అరచేతి వెడల్పు మచ్చ అయ్యాక తరచుగా శస్త్రచికిత్స దాకా వెళ్లవలసి వస్తుంది. ఇంతకు ముందు దుకాణం ట్యూబులో హాని చేసిన స్టెరాయిడే ఇక్కడ మందుగా పనికొస్తుంది. చీము లేదని వైద్యుడు తేల్చుకున్నాక, బుడిపె వరకే, లెక్క ప్రకారం ఇవ్వడమే తేడా. అతను మంగలికి చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. మెడ వెనుక కత్తి వద్దు, మెషిన్‌కు కనీసం మూడు మిల్లీమీటర్ల గార్డు పెట్టి, వెంట్రుక మొలిచిన దిక్కుకే నడపాలి.